మొండిగోడ తల మీద వాన: శిథిలాన్ని శిథిలంగానే కాపాడటం ఎలా?

పాత కోటో, మఠమో కూలిపోయి మొండిగోడలు మాత్రమే మిగిలిన చోట నిలబడిన వాళ్లకు సాధారణంగా రెండు ప్రశ్నలు వస్తాయి. దీన్ని మళ్లీ కట్టేయొచ్చు కదా అన్నది ఒకటి. ఇలా గాలికి వదిలేశారేం అన్నది రెండోది. శిథిలమంటే ఎవరూ పట్టించుకోనిదన్న నమ్మకం ఈ రెండింటి వెనకా ఉంది. అసలు సంగతి వేరు. వందల ఏళ్లుగా కప్పు లేకుండా ఎండకూ వానకూ నిలిచిన గోడ ఈ రోజు మన కంటపడుతోందంటే, చాలా చోట్ల ఎవరో ఒకరు దాని తల మీదికెక్కి ఏటా ఏదో ఒకటి చేస్తూ వచ్చారన్నమాట. ఆ పనిని పైకి కనబడకుండా చేస్తారు కాబట్టే అక్కడ ఏమీ జరగలేదని మనం అనుకుంటాం.

ఈ పనంతా గోడ తల దగ్గర మొదలవుతుంది. ముందు ఆ తల సంగతి చూస్తే, మొక్కల సంగతీ, మళ్లీ కట్టాలా వద్దా అన్న తగవూ తేలిగ్గా అర్థమవుతాయి.

గోడ కట్టే మేస్త్రీ దాని తల వానకు తడుస్తుందని అనుకోడు. పైన దూలాలుంటాయి, కప్పుంటుంది, చూరుంటుంది అన్న ధీమాతోనే కడతాడు. మందమైన పాత రాతిగోడలు చాలావరకు మూడు పొరలుగా ఉంటాయి. బయట ఒక వరస, లోపల ఒక వరస చెక్కిన రాళ్లు, ఆ రెండింటి నడుమ చేతికందిన చిన్నాపెద్దా రాళ్లను సున్నంతో కలిపి నింపిన గర్భం. బయటి రాళ్లు వానను తట్టుకోవడానికే ఉన్నాయి. గర్భం మాత్రం ఎన్నడూ తడవకూడదు. కప్పు కూలిన నాటి నుంచి ఆ గర్భం మూతి విప్పిన బస్తాలా ఆకాశానికి తెరుచుకుని ఉంటుంది.

పైనుంచి దిగిన నీరు మొదట సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. సన్నటి పొడి కిందికి జారి లోపల ఖాళీలు ఏర్పడతాయి. పట్టు సడలిన రాళ్లు ఆ ఖాళీల్లోకి దిగి, మేకు దిగ్గొట్టినట్టు రెండు వైపుల రాళ్లనూ బయటికి నెడతాయి. కింద నిలబడి చూసేవాడికి ఇదేమీ తెలియదు. చాలా ఏళ్ల తర్వాత గోడ నడుమ భాగం కాస్త ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఆ ఉబ్బు కంటికి ఆనే సరికే లోపలి పట్టు చాలావరకు పోయి ఉంటుంది. చలిదేశాల్లో దీనికి ఇంకొకటి తోడవుతుంది. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది కాబట్టి, తడిసిన గోడ తలను ప్రతి చలికాలమూ లోపలి నుంచి పగలగొడుతుంది. వేడిదేశాల్లో ఆ బెడద లేదు గానీ, తడిసి ఆరి, ఆరి తడిసే వరసలో లవణాలు రాతి పైపొరలోకి చేరి స్ఫటికాలుగా మారి పెచ్చులు ఊడగొడతాయి. పగుళ్లలో చెట్లు వేళ్లూనుకుంటాయి.

అందుకే అనుభవమున్నవాళ్లు శిథిలాన్ని పరిశీలించేటప్పుడు ముందు పరంజా ఎక్కి గోడ తలను చూస్తారు. కింది భాగం ఆ తర్వాత.

సిమెంటు టోపీ ఎందుకు పనికిరాదు?

తల తెరుచుకుని ఉంది కాబట్టి మూసేద్దాం అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో చాలా శిథిలాల మీద జరిగింది ఇదే. గోడ తల మీద మందంగా సిమెంటు మోర్టారు పరిచి నున్నగా తీర్చేశారు. పని అయిన నాడు అది చక్కగా కనిపిస్తుంది. మొదటి కొన్నేళ్లు నీరూ దిగదు.

సిమెంటు పొర గట్టిది, వంగనిది. దాని కింది పాత సున్నపు గోడ మెత్తనిది, ఎండకూ చలికీ కొద్దిగా కదిలేది. ఈ రెండూ ఒకే తీరున కదలవు కాబట్టి పొరలో వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి, అంచుల దగ్గర అది గోడను వదిలేస్తుంది. నీరు ఆ పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది. దిగిన నీరు పైకి ఆరే దారి లేదు, సిమెంటు దాన్ని మూసేసింది. ఇక మిగిలింది పక్కదారి, అంటే ముఖపు రాళ్ల గుండా బయటికి రావడం. సిమెంటులోని లవణాలనూ వెంటబెట్టుకుని వస్తుంది. టోపీకి కింద రెండు మూడు వరసల రాళ్ల మీద తెల్లటి పొర, పొడిలా రాలుతున్న రాతి ముఖం, ఎండాకాలంలో కూడా ఆరని తడిమచ్చ కనిపిస్తే, పైన సిమెంటు పగిలిందని పరంజా ఎక్కకుండానే చెప్పొచ్చు. ఎక్కి చిన్న సుత్తితో తడితే డొల్ల మోత వస్తుంది.

ఇంకో ఇబ్బంది ఏమిటంటే, దీన్ని తీయడం వేయడం కన్నా కష్టం. సిమెంటు కింది రాళ్లను గట్టిగా పట్టుకుంటుంది. ఊడదీస్తే అసలు రాళ్లు కూడా పగిలి వస్తాయి. అందుకే పగిలిన పాత సిమెంటు టోపీలను చాలా చోట్ల పూర్తిగా తీయకుండా, వదులైన ముక్కలు మాత్రమే తీసి మిగతా దాంతో సర్దుకుపోవాల్సి వస్తోంది.

సున్నంతో చేసే గట్టి టోపీ దీనికి భిన్నం. ఈ పద్ధతిలో గోడ తలను నున్నగా తీర్చరు. విరిగిన గోడ ఎలా ఎగుడుదిగుడుగా ఉంటుందో అలాగే ఉంచుతారు. ముందు ప్రతి రాయినీ ఫొటో తీసి, గీసి, అంకె వేస్తారు. వదులుగా ఉన్న రాళ్లను మాత్రమే ఎత్తి, కింది మట్టి, వేళ్లు తీసి, సున్నపు మోర్టారులో మళ్లీ అదే చోట కూర్చోబెడతారు. కొత్త రాయి తప్పనిసరైన చోటే పెడతారు. నేర్పంతా రాళ్ల మధ్య నీటికి దారి ఇవ్వడంలో ఉంది. పడిన చినుకు ఏ గుంటలోనూ నిలవకుండా గోడ అంచు దాకా జారి పడిపోవాలి. తాపీపని బాగా తెలిసిన మేస్త్రీ కూడా మొదట్లో ఇక్కడ తడబడతాడు. చేయి అలవాటుగా వరసలు తీర్చేస్తుంది, గోడ తల మెట్లలా తయారవుతుంది. పని ఎలా జరిగిందో తేల్చుకోవడానికి ఒక బకెట్టు నీళ్లు పోసి చూస్తే చాలు. ఎక్కడ నిలిచిందో అక్కడ మళ్లీ చేయాలి.

సున్నానికి ఓపిక కావాలి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. తొందరగా ఆరిపోతే పొడిగా మిగులుతుంది. ఎండలో తడి గోనెపట్టాలు కప్పాలి, చలిలో గడ్డకట్టకుండా చూడాలి. 5 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకూడదు. ఇంత చేసినా ఇది శాశ్వతం కాదు. సున్నపు టోపీ అరుగుతుంది, అది అరగాలి కూడా. పాత రాయి అరగకుండా మోర్టారు అరగడమే దాని ఉద్దేశం. కొన్నేళ్లకోసారి సందులు మళ్లీ పూడ్చాల్సిందే.

పచ్చిక కప్పిన గోడలు

ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దపు మొదటి భాగంలో ప్రభుత్వం చేతికొచ్చిన శిథిలాలన్నింటికీ దాదాపు ఒకే తీరు మరమ్మతు జరిగింది. ఉత్తర ఇంగ్లండులోని రీవో మఠం 1917లో ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చింది. అలాంటి చోట్ల తీగలూ పొదలూ మొత్తం పెరికేశారు, కూలిన రాళ్ల గుట్టలు తవ్వి తీసేశారు, గోడలు గట్టిపరిచి చుట్టూ పచ్చికబయలు పెంచారు. కట్టడం నిర్మాణం ఎలా ఉండేదో చూసేవాడికి స్పష్టంగా తెలియాలన్నది వాళ్ల ఆలోచన. అందులో తప్పు లేదు. అయితే అప్పటిదాకా గోడ తల మీద తనంతట తానే పెరిగిన గడ్డీ మట్టీ కూడా ఆ శుభ్రతలో కొట్టుకుపోయాయి. అవి లేని గోడ తలలకు మరమ్మతు మీద మరమ్మతు అవసరమవుతూ వచ్చింది.

కొన్ని దశాబ్దాల తర్వాత కొందరు ఎదురు ప్రశ్న వేశారు. పచ్చిక కప్పుకుని వందల ఏళ్లు నిలిచిన గోడ తలలు మనకు కనిపిస్తూనే ఉన్నాయి, మరి ఆ పచ్చిక గోడను పాడు చేస్తోందా, కాపాడుతోందా? ఇంగ్లండులో చారిత్రక కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన హెదర్ వైల్స్ బృందం కలిసి దీన్ని కొలిచి చూశారు. గ్లాస్టర్‌షైర్‌లోని హేల్స్ మఠం వంటి శిథిలాల గోడల మీద కొన్ని భాగాలకు మట్టీ పచ్చికా కప్పి, కొన్నింటిని వదిలేసి, రెండు చోట్లా వేడినీ తడినీ నమోదు చేశారు. మట్టి కింద గోడ తల ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులు బాగా తగ్గాయి. బయట గడ్డకట్టే చలి ఉన్నా కింద రాయి గడ్డకట్టడం అరుదైంది. మట్టి తడిని పట్టుకుని గోడలోకి దింపుతుందేమో అన్నది అందరి భయం. ఆ భయం నిజం కాలేదు. పడిన వానలో చాలా భాగాన్ని మట్టి పట్టి ఉంచి, గడ్డి దాన్ని తిరిగి గాలిలోకి వదిలేస్తోంది.

ఈ పద్ధతిని పూర్తి స్థాయిలో వాడిన చోటు వేల్స్ సరిహద్దు దగ్గర హెర్ఫర్డ్‌షైర్‌లో ఉన్న విగ్‌మోర్ కోట. మధ్యయుగాల్లో మార్టిమర్ కుటుంబానికి ముఖ్య స్థావరం. 1643లో ఇంగ్లండు అంతర్యుద్ధం నడుస్తుండగా, శత్రువు చేతికి చిక్కకూడదని దాన్ని ఉద్దేశపూర్వకంగానే పాడుచేశారు. తర్వాత మూడున్నర శతాబ్దాల పాటు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గోడలు కూలి, పై అంతస్తు దాకా మట్టిలో కూరుకుపోయాయి. కొన్ని ద్వారాల కమాను పైభాగం మాత్రమే నేల మీదికి కనిపిస్తుంది. 1995లో ఇంగ్లిష్ హెరిటేజ్ దాన్ని తన సంరక్షణలోకి తీసుకుంది. అప్పటికి గోడలు పడిపోయే స్థితిలో ఉన్నాయి. పాత పద్ధతిలోనైతే అంతా పెరికి, తవ్వి, శుభ్రం చేసేవాళ్లు. వాళ్లు ఆ దారిలో పోలేదు. ఏమి మిగిలిందో దాన్ని మిగిలినట్టే నిలబెడదామని నిర్ణయించుకున్నారు.

ముందు గోడల మీద ఏయే మొక్కలు ఎక్కడ పెరుగుతున్నాయో నమోదు చేశారు. గోడ తల మీది పచ్చికను పలకలుగా కోసి, కిందికి దించి, నీళ్లు పెడుతూ బతికించుకున్నారు. ఆ తర్వాత పరంజా మీద రాళ్ల పని జరిగింది. వదులైన గర్భాన్ని సున్నంతో దిటవు చేశారు, ఊడబోతున్న ముఖపు రాళ్లను పట్టి నిలిపారు. అదంతా అయ్యాక పచ్చికను మళ్లీ పైన పరిచారు. కూలిన రాళ్ల గుట్టలను తవ్వలేదు, పునాదుల స్థితి తెలుసుకోవడానికి కావలసినంత మేరకే చిన్న కందకాలు తీశారు. 1999లో జనాన్ని లోపలికి రానిచ్చారు. ఈ రోజు అక్కడికి వెళ్లినవాడికి మరమ్మతు జరిగిన గుర్తేదీ పెద్దగా కనిపించదు. అది ఆ పని సాధించిన ఫలితం. నా దృష్టిలో శిథిలాల సంరక్షణలో ఇంత నిగ్రహం చూపిన ఉదాహరణలు తక్కువ.

మట్టి, పచ్చిక పరిచే పని వినడానికి తేలిక. చేయడంలో కొన్ని షరతులున్నాయి. కింద గోడ తల ముందుగా గట్టిపడి ఉండాలి, గుంటలు లేకుండా కొద్దిగా వాలుగా ఉండాలి. వదులైన గర్భం మీద మట్టి పరిస్తే రోగాన్ని కప్పిపెట్టినట్టే. మట్టి మందం సుమారు 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటే చాలు. పలచనైతే గడ్డి ఎండిపోతుంది, మరీ మందమైతే బరువు పెరగడమే కాక పెద్ద మొక్కలకు చోటు దొరుకుతుంది. మట్టిలో కొంత బంకమన్ను ఉండాలి, ఎరువు ఉండకూడదు. సారం తక్కువైతేనే పొట్టి గడ్డి నిలుస్తుంది, సారవంతమైన మట్టిలో పొదలు గెలుస్తాయి. పచ్చిక అంచు గోడ అంచు మీదికి కొద్దిగా వాలాలి, అప్పుడు నీరు గోడ ముఖానికి దూరంగా కారుతుంది. వేళ్లు పట్టేదాకా కొబ్బరిపీచు వలతో కప్పి, చెక్క మేకులతో పట్టి ఉంచుతారు.

చెడేది ఎక్కువగా అంచుల దగ్గరే. తొలి వేసవిలో పచ్చిక ముడుచుకుని అంచు నుంచి వెనక్కి జరుగుతుంది, ఆ సందులో రాయి బయటపడుతుంది. పురుగుల కోసం పక్షులు పెళ్లలు పీకేస్తాయి. సన్నటి గోడల మీద మట్టి నిలవదు, నిటారుగా విరిగిన కొసల మీద అసలే నిలవదు, అక్కడ సున్నపు పనే దిక్కు. నెలల తరబడి వాన పడని చోట గడ్డి చచ్చి ఒట్టి మట్టి మిగులుతుంది, దాన్ని తర్వాతి వాన కడిగేస్తుంది. ఇంగ్లండులో బాగా పనిచేసింది కదా అని ఎక్కడపడితే అక్కడ పరిచేస్తే ఇదే జరుగుతుంది. అక్కడి గోడ మీద తనంతట తాను ఏం పెరుగుతోందో, అది ఎండాకాలం దాటుతోందో లేదో ముందు చూడాలి.

ఏ మొక్కను తీయాలి, ఏది ఉంచాలి?

1855లో రిచర్డ్ డీకిన్ అనే వృక్షశాస్త్రవేత్త రోములోని కొలోసియం గోడల మీద 420 జాతుల మొక్కలున్నాయని లెక్క తేల్చాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో పురావస్తు తవ్వకాలు మొదలవగానే వాటిని పెరికేశారు. ఈ రెండు పనుల్లో ఏది సరైనదని అడిగితే జవాబు మొక్క వేళ్ల దగ్గర దొరుకుతుంది.

నాచు, గడ్డి, చిన్న ఫెర్నులు, ఏడాది బతికే పూలమొక్కలు చాలావరకు హాని చేయవు. వీటి వేళ్లు సన్నగా ఉండి మట్టి పొరలోనే అల్లుకుంటాయి. ప్రమాదమంతా కాండం కట్టే మొక్కలతో. రావి, మర్రి, జువ్వి జాతుల పండ్లు తిన్న పక్షి గోడ సందులో రెట్ట వేస్తుంది. వెంట్రుక లాంటి వేరు పగుల్లోకి దిగి, ఏళ్ల తరబడి లావెక్కుతూ, గర్భంలో నీళ్లు తీసుకెళ్లిన దారినే తానూ పోతుంది. మీద రెండు జానల మొక్క కనిపిస్తుంటే లోపల వేరు గోడ పొడవునా పరుచుకుని ఉండొచ్చు.

కాబట్టి చేసే పని మొక్క వయసును బట్టి ఉంటుంది. మొలకను నేల తడిగా ఉన్నప్పుడు చేత్తో పీకేయొచ్చు, వేరుతో సహా వస్తుంది. అది ఒక కాలం దాటిందంటే పీకకూడదు. పీకితే వేరుతో పాటు రాళ్లూ వస్తాయి. వేరు తెగితే మిగిలిన ముక్క మరింత బలంగా చిగురిస్తుంది. అలాంటి మొక్కను గోడకు దగ్గరగా కోసి, కోసిన కొన్ని నిమిషాల్లోపే ఆ మోడుకు మాత్రమే కలుపుమందు పూస్తారు. ఆలస్యమైతే కోత ఆరిపోయి మందు వేళ్ల దాకా పోదు. తర్వాత వర్షాకాలంలో చిగుళ్లు వచ్చాయా అని చూసి, వస్తే మళ్లీ అదే చేస్తారు. ఏటేటా పైపైన నరికి వదిలేయడం అన్నింటికన్నా చెడ్డ పద్ధతి. దాంతో పైన మొక్క కనబడదు, లోపల వేరు లావవుతూనే ఉంటుంది.

వేరు చచ్చాక పని అయిపోలేదు, నిజానికి చాలామంది మరిచిపోయేది ఇక్కడే. చచ్చిన వేరు కుళ్లి, అది ఉన్నచోట గొట్టం లాంటి ఖాళీ మిగులుతుంది. దాన్ని పలచటి సున్నపు ద్రవంతో నింపాలి. అదీ ఒకేసారి పై నుంచి పోయకూడదు. కింది నుంచి కొద్ది ఎత్తు చొప్పున నింపి, అది గట్టిపడ్డాకే పైకి వెళ్లాలి. లేకపోతే ద్రవం బరువుకే ముఖపు రాళ్లు బయటికి ఉబుకుతాయి.

ఐవీ తీగ విషయంలో పాత తీర్పు మారింది. గోడకు పాకే ఆ తీగను చూడగానే పెరికేయాలనేవాళ్లు. గోడ గట్టిగా ఉండి, తీగ వేళ్లు నేలలోనే ఉంటే, దాని ఆకుల దుప్పటి గోడను ఎండ వేడి, చలి, దుమ్ము నుంచి కాపాడుతోందని ఆక్స్‌ఫర్డ్ బృందమే చూపించింది. తీగ గోడ సందుల్లోకే వేరు దించిందా అన్నది అసలు పరీక్ష. దించితే దాన్నీ చెట్టులాగే చూడాలి.

చెట్టు బాగా పెద్దదైతే సమస్య తలకిందులవుతుంది. కంబోడియాలోని తా ప్రోమ్ ఆలయాన్ని ఫ్రెంచి పరిశోధన సంస్థ ఒకటి ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో అడవిలో దొరికినట్టే ఉంచాలని నిర్ణయించింది. మహావృక్షాల వేళ్లు గోడల మీదుగా జారి మండపాలను కౌగిలించుకున్నాయి. అక్కడ చెట్టు రాళ్లను విడదీసింది, ఇప్పుడు అదే వాటిని పట్టుకుని ఉంది. కోస్తే గోడ కూలుతుంది, కోయకపోతే గాలివానకు కొమ్మ విరిగి పైకప్పు మీద పడుతుంది. భారత పురావస్తు శాఖ కంబోడియా అధికారులతో కలిసి రెండు దశాబ్దాలుగా అక్కడ పనిచేస్తోంది. వేళ్ల కింద ఆధారాలు పెట్టారు, బరువైన కొమ్మలకు దన్ను ఇచ్చారు, చూసేవాళ్ల అడుగులు వేళ్ల మీద పడకుండా చెక్క దారులు వేశారు. కూలి పక్కనే పడి ఉన్న రాళ్లతో నాట్యమండపాన్ని తిరిగి నిలబెట్టారు. ఆ చెట్లు మాత్రం ఎప్పటికీ ఉండవు. వాటికీ ఆయుష్షు ఉంది, పడే రోజుకు సిద్ధంగా ఉండటమే అక్కడి సంరక్షణ.

మళ్లీ కట్టేస్తే పోదా?

ఇన్ని తంటాలు దేనికి, కప్పు వేసేస్తే గోడ తల సమస్యే ఉండదు కదా అనొచ్చు. తర్కం సరిగ్గానే ఉంది. కప్పు నిలబడాలంటే గోడలు పూర్తి ఎత్తుకు లేవాలి. ఆ పై భాగం ఎలా ఉండేదో తెలిసి ఉండాలి. ఆ బరువును పాత పునాది, ఇన్నేళ్లు తడిసిన గర్భం మోయాలి. చాలా శిథిలాల్లో ఈ మూడింటిలో ఒకటీ ఉండదు. ఆధారం లేని చోట ఊహ వచ్చి కూర్చుంటుంది. కట్టాక ఏది పాతదో ఏది ఊహో మామూలు చూపుకు అందదు. కట్టడాల సంరక్షణ మీద అంతర్జాతీయ నిపుణులు కుదుర్చుకున్న 1964 నాటి వెనిస్ ఒప్పందం అందుకే తవ్వకాల్లో బయటపడిన కట్టడాల పునర్నిర్మాణాన్ని ముందే తోసిపుచ్చింది. విడిపోయి పడి ఉన్న అసలు భాగాలను వాటి చోట మళ్లీ కూర్చడానికి మాత్రం ఒప్పుకుంది. అంతకు ఎంతో ముందే, 1923లో, భారత పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ తన సిబ్బందికి రాసిన నియమావళిలో మన మొదటి బాధ్యత కట్టడాన్ని కొత్తది చేయడం కాదు, ఉన్నదాన్ని కాపాడటం అన్నాడు.

రాళ్లను మళ్లీ కూర్చడం కూడా నిరపాయమేమీ కాదు. ఏథెన్స్‌లోని పార్థెనాన్ ఆలయంలో ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో ఇంజినీరు నికొలాస్ బలనోస్ పడిపోయిన స్తంభాలను లేపాడు. ప్రాచీన గ్రీకులు రాళ్లను కలిపే ఇనుప కొక్కేలకు సీసం పోసి తుప్పు నుంచి కాపాడారు. బలనోస్ ఆ సీసం లేకుండా ఇనుము వాడాడు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పాలరాయిని లోపలి నుంచి చీల్చింది. కొన్ని రాళ్లను వాటిది కాని చోట పెట్టాడు కూడా. ఇప్పటి బృందాలు ఆ ఇనుము తీసి టైటానియం పెడుతూ, రాళ్ల అసలు చోట్లు వెతుకుతూ కొన్ని దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి.

మళ్లీ కట్టినందుకు ఏమవుతుందో జార్జియాలోని బగ్రాతి కేథడ్రల్ చూపిస్తుంది. కుతాయిసీ పట్టణంలో పదకొండో శతాబ్దం మొదట్లో మూడో బగ్రాత్ రాజు కాలంలో కట్టినది. 1692లో ఒట్టోమన్ సేనల పేలుడుకు గుమ్మటం, కప్పు కూలిపోయాయి. శిథిలంగానే 1994లో దగ్గర్లోని గెలాతి మఠంతో కలిసి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తర్వాత ప్రభుత్వం, చర్చి దాన్ని తిరిగి కట్టాలనుకున్నాయి. 2010లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో పెట్టింది. అయినా పని ఆగలేదు. 2012 నాటికి గుమ్మటం, కప్పు లేచాయి, ఒక మూల ఉక్కు, గాజుతో కొత్త భాగం కూడా వచ్చింది. 2017లో ప్రపంచ వారసత్వ సంఘం హద్దులు మార్చి గెలాతిని ఒక్కదాన్ని ఉంచుకుని బగ్రాతిని వదిలేసింది.

అయితే కుతాయిసీ జనం వైపు నుంచి చూస్తే కథ ఇంత సూటిగా ఉండదు. వాళ్లకు అది ప్రార్థన చేసుకునే చోటు. మూడు వందల ఏళ్లకు పైగా కప్పు లేని గుడికి కప్పు వేసుకోవాలనుకోవడం అపరాధమేమీ కాదు. నాకు అభ్యంతరం కోరిక మీద కాదు, పద్ధతి మీద. పక్కన కొత్త గుడి కట్టుకుని పాత గోడలను అలాగే ఉంచుకునే దారి ఒకటుంది. 1940 నవంబరులో బాంబుదాడికి కాలిపోయిన ఇంగ్లండులోని కోవెంట్రీ కేథడ్రల్ గోడలను అలాగే నిలిపి, వాటిని ఆనుకునే బాసిల్ స్పెన్స్ రూపకల్పన చేసిన కొత్త కేథడ్రల్‌ను 1962లో ప్రారంభించారు. ఇక్కడ ప్రార్థన ఆగలేదు, 1940 నాటి సాక్ష్యమూ చెరిగిపోలేదు.

మళ్లీ కట్టడం న్యాయమైన సందర్భాలూ ఉన్నాయి. బోస్నియాలోని మోస్తార్ వంతెన 1566 నాటిది. 1993 నవంబరులో యుద్ధంలో కూలగొట్టారు. 2004లో మళ్లీ నిలబడింది, మరుసటి ఏడే ప్రపంచ వారసత్వ జాబితాలోనూ చేరింది. అక్కడ కూలిన వంతెనను రోజూ దాటిన జనం బతికే ఉన్నారు, కొలతలున్నాయి, ఫొటోలున్నాయి, అది కలిపే రెండు ఒడ్లూ నివాసాలతో ఉన్నాయి. విగ్‌మోర్‌లో వీటిలో ఏదీ లేదు. పైగా 1643లో దాన్ని పాడుచేయడం కూడా ఆ కోట చరిత్రే. గోడను పూర్తి చేస్తే ఆ యుద్ధం అక్కడి నుంచి మాయమవుతుంది.

కప్పు తప్పనిసరి అనిపించిన చోట గోడను తాకని కప్పు వేయొచ్చు. నార్వేలోని హామర్ కేథడ్రల్ శిథిలాల మీద 1998లో ఉక్కు చట్రంతో పెద్ద గాజుగూడు కట్టారు. దాని బరువు పాత గోడల మీద పడదు, ఏనాడైనా తీసేయొచ్చు. ఖర్చు భారీ, లోపలి వేడినీ తేమనూ నిత్యం గమనించాలి. అందుకే దీన్ని అన్నిచోట్లా వాడలేరు. మట్టి ఇటుకలతో కట్టి వానకు కరిగిపోయే గోడలకు మాత్రం గూడు, లేదా గోడకు బదులు తాను అరిగిపోయే మట్టిపూత తప్ప వేరే దిక్కు లేదు. వాటి మీద పచ్చిక పరిస్తే గోడే నానిపోతుంది.

అసలు చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. మళ్లీ కట్టడానికి ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, నిధులు ఒకేసారి వస్తాయి. గోడ తల చూసుకునే పనికి ఇవేమీ లేవు. వానాకాలం ముందూ తర్వాతా గోడ చుట్టూ తిరిగి కొత్త మొలకలు పీకాలి, పచ్చిక అంచులు సరిచేయాలి. కొన్నేళ్లకోసారి పరంజా వేసి పైనుంచి చూడాలి. ప్రతిసారీ ఒకే చోటు నుంచి ఫొటో తీసి పాతదాంతో పోల్చాలి. ఉబ్బు అనుమానమున్న చోట రెండు రాళ్ల మధ్య దూరం కొలిచి రాసుకోవాలి. దీనికి తక్కువ డబ్బే అవుతుంది గానీ ఏటా కావాలి. సంరక్షణ ఒప్పందాల్లో పరంజా దించేశాక వచ్చే పదేళ్ల లెక్క లేకపోతే, సున్నం ఎంత బాగా వేసినా, పచ్చిక ఎంత బాగా పట్టినా, రెండో వర్షాకాలానికి ఒక రావి మొలక ఆ గోడలో ఉంటుంది.